ఆరు నెలలు 25 శాతం జీతం కోత అంటున్నారు, శుక్రవారంలోగా ఒప్పుకోవాలట. ఆ డబ్బు మళ్లీ వస్తుందా?

మణికొండ_మధు
మాది 140 మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈ ఏడాది ఇద్దరు పెద్ద కస్టమర్లు వెళ్లిపోయారు. మొన్న 18వ తేదీన అందరికీ మెయిల్ వచ్చింది. సారాంశం ఇది: "ఈ నెల 1వ తేదీ నుంచి జీతాల్లో 25 శాతం తాత్కాలిక తగ్గింపు. ఆరు నెలల తర్వాత సమీక్షిస్తాం. పరిస్థితి మెరుగుపడితే తగ్గించిన మొత్తాన్ని చెల్లించే విషయం పరిశీలిస్తాం." శుక్రవారంలోగా 'అంగీకరిస్తున్నాను' అని రిప్లై ఇవ్వాలట.

నా జీతం నెలకు 80,000. అందులో బేసిక్ 40,000. ఇక్కడ ఎనిమిదేళ్ల నుంచి ఉన్నాను. హోమ్ లోన్ ఈఎంఐ 31 వేలు, పాప స్కూల్ ఫీజు జూన్‌లో కట్టాలి. నెలకు 20 వేలు తగ్గితే ఎలాగో సర్దుకుంటాను. నాకు టెన్షన్ అంతా ఆరు నెలల తర్వాత ఏమవుతుందనే. ఆ 1,20,000 నాకు రావాల్సిన డబ్బేనా, లేక పోయినట్టేనా? మెయిల్ నాలుగుసార్లు చదివినా అర్థం కాలేదు.

గోదారి_గట్టు
అన్నా, ఈ రోజుల్లో ఉద్యోగం ఉండటమే గొప్ప. మా ఫ్లోర్‌లో 30 మందిని ఒకే రోజు పంపేశారు. ఒప్పుకుని ఊరుకో.

లక్ష్మి_మియాపూర్
గోదారి గారూ, ఒప్పుకోవద్దని ఎవరూ అనట్లేదు. దేనికి ఒప్పుకుంటున్నారో తెలుసుకుని ఒప్పుకోమంటున్నాం. నా సంగతి చెప్తాను. 2020లో మా ఆఫీసులో 30 శాతం కోత, మూడు నెలలే అన్నారు. మూడు నెలలకు ఇంకో మూడు, తర్వాత "ఈ క్వార్టర్ అయ్యాక" అంటూ మొత్తం పదకొండు నెలలు సాగింది. ఆ తర్వాత అసలు దెబ్బ తగిలింది. జీతాన్ని పాత స్థాయికి తేవడాన్నే 'ఇంక్రిమెంట్' అన్నారు. కాగితం మీద 30 శాతం పెంపు. కానీ 100లో 30 తీస్తే 70, ఆ 70కి 30 శాతం కలిపితే 91. పెంపు ఇచ్చామని కేకు కోశారు. నా జీతం మాత్రం కోతకు ముందున్న దాని కంటే 9 శాతం తక్కువ.

మధు గారి లెక్కలో 80 వేలు 60 వేలవుతుంది. 60 మళ్లీ 80 కావాలంటే 33 శాతం పైన పెరగాలి. "25 శాతం వెనక్కి ఇస్తాం" అంటే 75 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మాటలో శాతం వద్దు, రూపాయల్లో రాయించుకోండి.

పద్దుల_పుస్తకం
నేను పేరోల్, అకౌంట్స్ వైపు ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. మధు గారూ, మీ మెయిల్‌లో కీలకమైన మాట 'తగ్గింపు'. 'వాయిదా' అనే మాట ఎక్కడా లేదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

వాయిదా అయితే మీ జీతం 80 వేలుగానే ఉంటుంది. 60 ఇప్పుడు ఇస్తారు, 20 కంపెనీ మీకు బాకీ. అది వాళ్ల పుస్తకాల్లో బాకీగా కనిపించాలి. మీరు మానేసినా, కంపెనీ చేతులు మారినా ఆ బాకీ ఉంటుంది. తగ్గింపు అయితే ఈ నెల నుంచి మీ జీతమే 60 వేలు. ఆ 20 వేలు ఎవరూ ఎవరికీ బాకీ కాదు. 'చెల్లించే విషయం పరిశీలిస్తాం' అంటే పరిశీలిస్తామని మాత్రమే మాట ఇచ్చారు, ఇస్తామని కాదు. మీరు ఆ మెయిల్‌కు 'అంగీకరిస్తున్నాను' అని మాత్రం పంపిస్తే, ఆ 1,20,000ను తర్వాత గట్టిగా అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొకటి. మెయిల్ వచ్చింది 18న, అమలు 1 నుంచి. మీరు అప్పటికే పదిహేడు రోజులు పాత జీతానికి పనిచేశారు. చేసిన పనికి వెనక్కి వెళ్లి రేటు తగ్గించడం సరికాదు. వచ్చే నెల 1 నుంచి అమలు చేయమని అడగండి. ఇది అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ల వాదనకు అక్కడ బలం లేదు.

జీడిమెట్ల_శీను
అసలు ఇది చెల్లదు! జీతం తగ్గించాలంటే 21 రోజుల నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో సెక్షన్ 9ఎ. మా ఫ్యాక్టరీలో అలవెన్స్ తీసేయబోతే యూనియన్ ఆ సెక్షన్ మీదే ఆపింది. లేబర్ ఆఫీసుకు వెళ్లండి, రెండు రోజుల్లో దారికొస్తారు.

పద్దుల_పుస్తకం
శీను గారు చెప్పింది వాళ్ల ఫ్యాక్టరీకి నూటికి నూరుపాళ్లు సరి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఆ 21 రోజుల నోటీసు నియమం పోలేదు, కొత్త కోడ్‌లోకి వచ్చింది. అయితే అది 'వర్కర్' కిందకు వచ్చేవారికి. మేనేజర్లు రారు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18 వేలు దాటిన వాళ్లూ రారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు వర్కర్లా కాదా అన్నది హోదా పేరును బట్టి తేలదు, రోజూ చేసే పనిని బట్టి తేలుతుంది. మధు గారూ, మీ కింద ఎంతమంది ఉన్నారు?

మణికొండ_మధు
ఆరుగురు. వాళ్ల సెలవులు నేనే అప్రూవ్ చేస్తాను, రేటింగ్ కూడా ఇస్తాను. కానీ రోజులో సగం పైన కోడ్ రాస్తూనే ఉంటాను.

పద్దుల_పుస్తకం
అయితే మీ విషయంలో అది వాదనకు వచ్చే అంశమే. మీ కింద ఉన్న ఆరుగురికి మీకంటే బలమైన పట్టు ఉండొచ్చు.

జీడిమెట్ల_శీను
అదేంటండీ, కోడ్ రాసేవాడు పనివాడు కాకుండా ఎలా పోతాడు? నేను ఒప్పుకోను.

మాస్టారు_తణుకు
మీరందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. 2020 మార్చి నెల జీతం మాకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సగమే ఇచ్చింది, మిగతాది వాయిదా అంది. పెన్షన్‌లోనూ కోసింది. హైకోర్టు ఆ బకాయిని 12 శాతం వడ్డీతో కట్టమని చెప్పింది. కాబట్టి బాబూ, నువ్వు కూడా 12 శాతం వడ్డీ అడుగు. కోర్టు తీర్పు ఉంది.

చార్మినార్_చిన్నా
మాస్టారూ, ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించారు. అయినా చేసిన పనికి జీతం పొందే హక్కు ఉంది, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి అన్న మాట మాత్రం నిలబడింది.

మాస్టారు_తణుకు
6 శాతమా? సరే, సరిచేసినందుకు సంతోషం. వడ్డీ అయితే ఇచ్చారు కదా.

పద్దుల_పుస్తకం
మాస్టారూ, మీ కేసు ఇక్కడ ఎందుకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను. మీ ప్రభుత్వం తీసుకున్నది వాయిదా నిర్ణయం. జీతం స్థాయి మారలేదు, ఇవ్వడం ఆలస్యమైంది. అందుకే బకాయి ఉంది, బకాయి మీద వడ్డీ వచ్చింది. మీరు 'ఒప్పుకుంటున్నాను' అని సంతకం కూడా పెట్టలేదు. మధు గారి కంపెనీ ప్రైవేటు. పైగా అడుగుతున్నదే తగ్గింపుకు అంగీకారం. బకాయే లేకపోతే వడ్డీ ఎక్కడిది? అందుకే మెయిల్‌లో ఆ ఒక్క మాట మార్పించడమే అన్నిటికంటే ముఖ్యం.

హెచ్ఆర్_కుర్చీ_నుంచి
నేను ఇలాంటి మెయిల్స్ రాసే వైపు మనిషిని, కోపం తెచ్చుకోకుండా వినండి. కంపెనీలు 'వాయిదా' అనడానికి ఎందుకు వెనకాడతాయంటే, 140 మందికి ఆరు నెలల బాకీ పుస్తకాల్లో పేరుకుపోతుంది. బ్యాంకు లోన్ రెన్యువల్‌కు వెళ్లినా, కొత్త ఇన్వెస్టర్ లెక్కలు చూసినా అది ముందు కనిపిస్తుంది. రెండో కారణం, ఆరు నెలల తర్వాత డబ్బు ఉంటుందో లేదో మాకూ తెలియదు. తెలియని దాన్ని రాసివ్వడం కంటే 'పరిశీలిస్తాం' అనడం నిజాయితీ అని నేను అనుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు అలా అనుకోను. మా దగ్గర 2020లో రెంటికీ మధ్య దారి పట్టాం. కోతలో కొంత భాగం వదిలేసినట్టే, కొంత భాగం వాయిదా. రెండూ వేరువేరుగా కాగితం మీద రాశాం. జనం ఒప్పుకున్నారు, వెళ్లిపోయిన వాళ్లు చాలా తక్కువ. అసలు కోపం తెప్పించేది కోత కాదు, తేదీ లేకపోవడం.

మధు గారూ, కోత పైనుంచి మొదలైందా? డైరెక్టర్లకు ఎంత?

మణికొండ_మధు
అందరికీ ఒకే 25 శాతం అని ఉంది. డైరెక్టర్ల గురించి వేరే ఏం లేదు.

హెచ్ఆర్_కుర్చీ_నుంచి
అది అడగండి. నెలకు 25 వేలు వచ్చే అబ్బాయికీ, 4 లక్షలు వచ్చే ఆయనకూ ఒకే శాతం అంటే తేలికగా లెక్కేసి వదిలేశారని అర్థం. తిరిగి చూడమంటే చూస్తారు.

బే_ఏరియా_బాబు
ఇక్కడ అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ కష్టాల్లో ఉన్నా, వీసా కోసం కంపెనీ ప్రభుత్వానికి ఇచ్చే ఎల్‌సీఏ పత్రం ప్రకారం ఆ ఉద్యోగానికి ఇవ్వాల్సిన వేతనం కంటే కిందకు జీతం తగ్గించకూడదు. మీరు సంతోషంగా ఒప్పుకున్నా చెల్లదు. నా స్నేహితుడు 'టీమ్ కోసం' అని ఒప్పుకుని తర్వాత లాయర్ చుట్టూ తిరిగాడు.

గోదారి_గట్టు
బాబు గారూ, మధు మణికొండలో ఉన్నాడు 🙂

బే_ఏరియా_బాబు
తెలుసు, ఇక్కడ చదివేవాళ్ల కోసం చెప్పాను.

పద్దుల_పుస్తకం
ఎవరూ ఇంకా అడగని సంగతి ఒకటుంది, గ్రాట్యుటీ. మధు గారికి ఎనిమిదేళ్లు నిండాయి. గ్రాట్యుటీ చివరి జీతం మీద లెక్కిస్తారు. చివరి బేసిక్‌ను 15తో గుణించి 26తో భాగించి, సంవత్సరాలతో గుణించాలి. 40,000 మీద అది దాదాపు 1,84,600. మెయిల్ ప్రకారం బేసిక్ కూడా 25 శాతం తగ్గి 30,000 అయితే, కోత నడుస్తున్న ఆరు నెలల్లో మీరు మానేస్తే వచ్చేది దాదాపు 1,38,500. అంటే ఆరు నెలల 'తాత్కాలిక' కోత మీ ఎనిమిదేళ్ల కష్టంలోంచి 46 వేలు తీసేస్తుంది. ఎవరినైనా ఆ ఆరు నెలల్లోనే తీసేస్తే వాళ్లకూ ఇదే గతి. వాడని సెలవుల డబ్బు, నోటీసు పీరియడ్ డబ్బు కూడా మీ కంపెనీ ఏ జీతం మీద కడుతుందో దాన్ని బట్టి తగ్గుతాయి.

కాబట్టి కాగితంలో ఒక వాక్యం పెట్టించండి: గ్రాట్యుటీ, సెలవుల నగదు, నోటీసు జీతం, తర్వాతి ఇంక్రిమెంట్, ఇవన్నీ కోతకు ముందున్న 80,000 జీతం, 40,000 బేసిక్ ఆధారంగానే లెక్కిస్తాం అని. దీనికి కంపెనీకి ఈ నెల ఒక్క రూపాయి ఖర్చు కాదు. అందుకే దీన్ని కాదనడం వాళ్లకు కష్టం.

లక్ష్మి_మియాపూర్
ఇది నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే! నేను తొమ్మిదో నెలలో మానేద్దామనుకుని ఆగాను. ఆగడమే మేలైందన్నమాట.

వరంగల్_వేణు
నాది ఇంకో సంగతి. మా కంపెనీ రెండేళ్ల క్రితం దివాలా కేసులోకి వెళ్లింది. అంతకు ముందు ఐదు నెలల పాటు కొందరికి వాయిదా లెటర్లు ఇచ్చారు, కొందరికి కోత లెటర్లు. కేసు మొదలయ్యాక కోర్టు వేసిన ఆయన దగ్గర ఉద్యోగులు ఎవరికి ఎంత రావాలో క్లెయిమ్ వేయమన్నారు. నా దగ్గర వాయిదా లెటర్ ఉంది, పే స్లిప్పులున్నాయి, వేశాను. నా పక్క సీటు అతనిది అదే పని, అదే జీతం. కోత లెటర్ మీద సంతకం పెట్టాడు. అతనికి వేయడానికి ఏమీ లేదు.

మణికొండ_మధు
వేణు గారూ, మీకు డబ్బు వచ్చిందా?

వరంగల్_వేణు
ఇంకా రాలేదు. క్యూలో బ్యాంకు వాళ్లు, కార్మికులు మా కంటే ముందున్నారు. కానీ లిస్టులో నా పేరు ఉంది. అతని పేరు లేదు.

కొత్తపేట_కావ్య
వాయిదా వేసిన డబ్బుకు టాక్స్ ఎప్పుడు? చేతికి రాని దానికి కట్టక్కర్లేదు కదా?

పద్దుల_పుస్తకం
కావ్య గారూ, అక్కడే మెలిక. జీతం విషయంలో 'రావాల్సిన' ఏడాదా, 'వచ్చిన' ఏడాదా, ఏది ముందైతే దాని ప్రకారం ఆదాయంగా చూస్తారు. నిజమైన వాయిదా అయితే చేతికి రాకముందే ఆ ఏడాది ఆదాయంలో చేరే అవకాశం ఉంది. కోత పెట్టి, తర్వాత బోనస్‌గా ఇస్తే ఇచ్చిన ఏడాదిలో పడుతుంది. మార్చికి అటూ ఇటూ వస్తే ఇది కొంచెం ఇబ్బందే. లెటర్‌లో 'ఫలానా తేదీన చెల్లించాల్సినది' అని స్పష్టంగా ఉంటే మీ ఆడిటర్‌కు పని తేలిక. అయినా టాక్స్ భయంతో వాయిదాను వదులుకోకండి. కొంచెం ముందుగా టాక్స్ కట్టడం వేరు, మొత్తం డబ్బే లేకపోవడం వేరు.

గోదారి_గట్టు
ఇన్ని షరతులు పెడితే ముందు పీకేసేది మధునే. నేను ఇంకా అదే మాట మీద ఉన్నాను.

హెచ్ఆర్_కుర్చీ_నుంచి
ఒక్కడే వెళ్లి లాయర్ భాషలో అడిగితే ఆ ప్రమాదం ఉంది, కాదనను. పది పదిహేను మంది కలిసి, 'కోతకు మేం సిద్ధం, ఈ మూడు విషయాలు రాసివ్వండి' అని మర్యాదగా ఒకే మెయిల్ పంపితే అది గొడవ కాదు. ఆ మెయిల్ చూసి మేం ఊపిరి పీల్చుకుంటాం. జనం వెళ్లిపోవట్లేదు, ఉండటానికి దారి వెతుకుతున్నారు అని అర్థమవుతుంది.

పద్దుల_పుస్తకం
ఒక పని ఈ రాత్రికే చేయండి మధు గారూ. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. గత నెల జీతానికి సంబంధించిన పీఎఫ్ ఈ నెల 15లోగా పడాలి. టీడీఎస్ మీ పాన్ మీద పడిందో లేదో ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో కనిపిస్తుంది, అది మూడు నెలలకోసారి అప్‌డేట్ అవుతుంది. మీ జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్ కట్టకుండా ఉన్నారంటే వాళ్లకు నగదు ఇబ్బంది ఎప్పుడో మొదలైంది. అప్పుడు ఎంత మంచి లెటర్ ఇచ్చినా వేరే ఉద్యోగం వెతకడమే సరి.

మణికొండ_మధు
ఇప్పుడే చూశాను. పీఎఫ్ మొన్న నెల వరకు సరిగ్గా పడింది. గత నెలది లేదు, ఇవాళ 20. గుండె ఝల్లుమంది.

పద్దుల_పుస్తకం
కంగారు పడకండి. కట్టాక పాస్‌బుక్‌లో కనిపించడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే అకౌంట్స్‌లో మీకు తెలిసిన మనిషిని చలానా కట్టారా అని అడగండి.

మణికొండ_మధు
(ఆరు రోజుల తర్వాత)
అందరికీ ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను. మేం 22 మందిమి కలిసి మెయిల్ పెట్టాం. లాయర్ మాటలు లేవు. కోతకు సిద్ధమని చెప్పి నాలుగు అడిగాం: వచ్చే నెల 1 నుంచి అమలు, ముగింపు తేదీ, కోత కాకుండా వాయిదా, పాత జీతం మీదే గ్రాట్యుటీ లెక్క. శుక్రవారం గడువు వాళ్లే పొడిగించి మీటింగ్ పెట్టారు.

కొత్త లెటర్ వచ్చింది. అమలు వచ్చే నెల 1 నుంచి. ఆరో నెల చివరి రోజుతో కోత దానంతట అదే ఆగిపోతుంది, పొడిగించాలంటే మళ్లీ మా అంగీకారం కావాలి. తర్వాతి నెల జీతం 80,000 అని అంకెల్లో రాశారు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు పాత బేసిక్ మీదే. 30 వేల లోపు జీతాలకు కోత లేదు, డైరెక్టర్లకు 40 శాతం.

25 శాతంలో 15 శాతం పోయినట్టే. 10 శాతం వాయిదా. నా లెక్కలో నెలకు 8 వేలు, ఆరు నెలలకు 48 వేలు. కోత అయిపోయాక మూడు వాయిదాల్లో ఇస్తారు, తేదీలు ఉన్నాయి. మిగతా 72 వేలు వదులుకున్నాను. ఇంట్లో మాట్లాడుకుని సంతకం పెట్టాను.

పీఎఫ్ నిన్న పడింది.

లక్ష్మి_మియాపూర్
చాలా సంతోషం మధు గారూ. 'దానంతట అదే ఆగిపోతుంది' అన్న మాట కోసం నేను పదకొండు నెలలు ఎదురుచూశాను.

జీడిమెట్ల_శీను
72 వేలు ఎందుకు వదిలారు? నేనైతే వదలను.

వరంగల్_వేణు
లెటర్ కాపీ, పాత పే స్లిప్పులు ఆఫీసు మెయిల్‌లో ఉంచుకోకండి. సొంత మెయిల్‌కు పంపుకోండి, ప్రింట్ తీసి పెట్టుకోండి. మా దగ్గర కేసు మొదలైన రోజే ఆఫీసు మెయిల్ ఆగిపోయింది.

పద్దుల_పుస్తకం
వేణు గారి మాట వెంటనే పాటించండి. ఒక్క సందేహం మధు గారూ. ఆరు నెలల మధ్యలో మీరే మానేస్తే, అప్పటిదాకా వాయిదా పడిన డబ్బు ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఇస్తారా, లేక ఆ మూడు తేదీల దాకా ఆగాలా? లెటర్‌లో ఉందా?

మణికొండ_మధు
చూశాను, లేదు. రేపు అడుగుతాను.